బంగారానికి బోను కొలతలు

కోనసీమలో పెళ్లికొడుకు సూటుకి కూడా ఇన్ని కొలతలు తీయరు. మా బాబాయి రావులపాలెం వదిలి ఢిల్లీలో కొడుకు దగ్గరికి మకాం మారుస్తూ, కుక్క బంగారాన్ని కూడా విమానం ఎక్కిస్తానన్నాడు. ముందు తన టికెట్ కొనేశాడు. మనుషులు సాధారణంగా చేసే తప్పు ఇదే. కుక్కకి ఆ విమానంలో చోటుందని సంస్థ ఒప్పుకున్నాకే మనిషి టికెట్ కొనాలి. అక్కడ మనం కేవలం దాని వెంట వచ్చే బంధువులం.

మేం అడిగిన సంస్థలో, సంచితో కలిపి పది కిలోలు దాటితే మనతో పాటు పైన క్యాబిన్‌లో కూర్చోనివ్వరు. బియ్యం కాటా మీద ఒక్క బంగారమే 16 తూగింది. ఆత్రేయపురం చుట్టాలు తెచ్చే పూతరేకుల పొట్లాల్లో దాని వాటా ఎప్పుడూ తగ్గలేదు మరి. కాబట్టి కింద కార్గోలో, బోనులో.

బోనుకి లెక్కుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంతో, దానికి నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు బోను వెడల్పు. నిలబడినప్పుడు చెవి కొస దాకా ఉన్నదే ఎత్తు. కొలవడానికి మా వీధి టైలర్‌ని పిలిచాం. "చేతులు ఫుల్లా, హాఫా అండీ?" అన్నాడాయన అలవాటుకొద్దీ. "హాఫే" అన్నాను, లెక్క ప్రకారం.

పొడవు 60, మోచేయి 26 సెంటీమీటర్లు. అంటే 60కి 13 కలిపి 73. భుజాలు 17, కాబట్టి వెడల్పు 34. ఎత్తు 50, అడుగున పరుపు వేస్తే ఆ మందం అదనం. బాబాయి అప్పటికే రాజమండ్రిలో 28 అంగుళాల బోను కొనుక్కొచ్చాడు. దాని బయటి పొడవే 71. లోపల బంగారం కూర్చుంది, పడుకుంది, వెనక్కి మాత్రం తిరగలేకపోయింది. కౌంటర్ దగ్గర వాళ్లు చూసేదీ అదే: నిలబడాలి, తిరగాలి, తల కప్పుకి తగలకూడదు. 32 అంగుళాలది తెచ్చాం. పాతది ఇప్పుడు కోళ్లకి.

పక్కింటాయన నిద్రమాత్ర వెయ్యమని సలహా ఇచ్చాడు. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు, గేదె పొదుగు వదిలి మరీ, వద్దని కేకలేశారు. మత్తులో బీపీ పడిపోయినా, ఊపిరాడకపోయినా పైన ఎవరు చూస్తారు? రేబిస్ టీకా వేసి నెల దాటిందని, ఏడాది కాలేదని కార్డు చూసుకుని, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆరోగ్య పత్రం రాశారు. ముందే తీసుకుంటే గడువు దాటి మళ్లీ రావాల్సొచ్చేది.

జాతి అన్నచోట ఆయన 'నాన్‌డిస్క్రిప్ట్' అని రాశారు. అంటే ఫలానా జాతి అని చెప్పలేనిది.

"అంటే ఏంట్రా అబ్బాయ్?" అన్నాడు బాబాయి.

"వర్ణించడానికి మాటలు చాలవని, బాబాయ్."

పొంగిపోయి దాన్ని ఆ సాయంత్రమే లామినేషన్ చేయించాడు. డాక్టరుగారి ముద్ర ఇంకా పడలేదని నాకు కారెక్కాక గుర్తొచ్చింది.