నూటికి సున్నా రూపాయల మిత్తి

మా మేనమామ నకిరేకల్ దగ్గరి పల్లెలో నలభై ఏళ్లుగా అప్పులిస్తున్నాడు. నూటికి రెండు రూపాయల మిత్తి, రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, ఇదీ ఆయన పద్ధతి. ఊరివాళ్లు ఆయన ఎదుట దండం పెట్టి, ఆయన మలుపు తిరగగానే రక్తం తాగేవాడని అంటారు. ఆ మాట నేను కూడా అన్నాను. మొన్న నల్లగొండ గడియారం సెంటరుకు పోయి, ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం గాజు తలుపు మీద నా తలకాయ కన్నా పెద్ద సున్నాను, దాని పక్కన ‘శాతం వడ్డీ’ అనే అక్షరాలను చూసినప్పుడైతే మామ మీద నాకున్న చిన్నచూపు మరింత పెరిగింది. సొంత మేనల్లుడి దగ్గరే మిత్తి వదలని మనిషి ఒకవైపు, ముక్కూ మొహం తెలియని నాకు ముప్పై ఆరు వేల రూపాయల ఫ్రిజ్జును ఏడాది పాటు ఊరికే అప్పు పెడతానంటున్న దుకాణం మరొకవైపు. ఇంతటి త్యాగమూర్తులు ఏసీ గదిలో కూర్చొని ఉండగా మనం ధర్మాత్ములను పురాణాల్లో వెతకడం ఎంత అన్యాయమో అనిపించింది.

లోపల నాకు జరిగిన మర్యాద గురించి ఎక్కువ చెప్పను. చల్లటి నీళ్లిచ్చారు, కుర్చీ వేశారు. రెండు తలుపుల ఫ్రిజ్జు ధర 36,000 రూపాయలు, నెలకు 3,000 చొప్పున పన్నెండు నెలలు, పన్నెండు మూళ్లు ముప్పై ఆరు, ‘ఒక్క రూపాయి ఎక్కువ లేదు, మీరే లెక్క చూసుకోండి సార్’ అని అక్కడి కుర్రవాడు కాగితం నా వైపు తిప్పాడు. నేను చూసుకున్నాను. ఎక్కం తప్పు లేదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం 500 అని, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 అని, అది ‘కాగితాల ఖర్చు’ అని చెప్పాడు. కాగితాలకు ఖర్చు ఉండదా మరి, మామ కూడా స్టాంపు డబ్బులు మన దగ్గరే తీసుకుంటాడు కదా అని సమాధానపడ్డాను.

నేను చేసిన పొరపాటల్లా లేచి వస్తూ, ఏదో మాటవరసకు, ‘మొత్తం ఇప్పుడే ఫోన్‌లో కొట్టేస్తే ఎంతకిస్తావు తమ్ముడూ?’ అని అడగడం. కుర్రవాడు మేనేజరు వైపు చూశాడు, మేనేజరు క్యాలిక్యులేటరు వైపు చూశాడు, క్యాలిక్యులేటరు 33,500 అని చూపించింది.

ఈ రెండున్నర వేలు ఎక్కడివి అన్న ప్రశ్న మర్యాదస్తులు అడగకూడనిది. అయినా ఆ వ్యాపారంలో కొంతకాలం పనిచేసిన ఒక మిత్రుడు నాకు దాని జన్మవృత్తాంతం చెప్పాడు. మనం వాయిదాలకు ఒప్పుకున్నప్పుడు ఫైనాన్సు కంపెనీ దుకాణానికి 36,000 పూర్తిగా పంపదు. తనకు రావలసిన వడ్డీని ముందే పట్టుకొని మిగిలింది పంపుతుంది. ఆ కోతను వాళ్లు సబ్‌వెన్షన్ అంటారు. దాన్ని కొన్నిసార్లు దుకాణం భరిస్తుంది, కొన్నిసార్లు ఫ్రిజ్జు తయారుచేసిన కంపెనీ కొంత పంచుకుంటుంది. నగదు ఇచ్చేవాడు వస్తే ఆ కోత ఉండదు కాబట్టి దాన్ని, లేదా దానిలో ఎక్కువ భాగాన్ని, తగ్గింపుగా వాడికే ఇచ్చినా దుకాణానికి నష్టం లేదు. అంటే వడ్డీ ఎక్కడికీ పోలేదు. అది ధరలో కూర్చొని ఉంది. నగదు కొనుగోలుదారు అడిగితే లేచి వాడి జేబులోకి వస్తుంది, వాయిదాల కొనుగోలుదారు అడగడు కాబట్టి కదలకుండా ఫైనాన్సు కంపెనీకి పోతుంది.

ఇక లెక్క. నగదు ధర 33,500 కాబట్టి నాకు నిజంగా దొరుకుతున్న అప్పు అంతే, 36,000 కాదు. అందులో 590 మొదటిరోజే తిరిగి ఇచ్చేస్తున్నాను కాబట్టి అప్పు 32,910. తీర్చేది 36,000. తేడా 3,090. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్లు 32,910 మీద 3,090 అంటే తొమ్మిదిన్నర శాతం లోపే కదా, పోనీలే అని ఊరుకుంటారు. మా మామ ఆరో తరగతి దాటలేదు గానీ ఈ పొరపాటు మాత్రం చేయడు. ఏడాది పొడుగునా 32,910 నా దగ్గర ఉంటేనే అది తొమ్మిదిన్నర. కానీ నేను నెలనెలా 3,000 తిరిగి కడుతూనే ఉన్నాను, చివరి నెల నా నెత్తిన మిగిలే అప్పు మూడు వేలు కూడా ఉండదు. మొదటి నెల నిండుగా, చివరి నెల అడుగంటి, మొత్తం మీద సగటున నేను వాడుకున్న సొమ్ము సుమారు 17,800 మాత్రమే. దాని మీద ఏడాదికి 3,090 అంటే పదిహేడు శాతానికి కాస్త ఎక్కువ. సరిగ్గా తేల్చుకోదలచినవారు ఫోన్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో ఈ ఒక్క వరుస కొట్టవచ్చు.

```
=RATE(12,-3000,32910)*12
```

జవాబు 16.9 శాతం వస్తుంది. మామ భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి నలభై పైసల మిత్తి. రక్తం తాగేవాడికీ త్యాగమూర్తికీ మధ్య దూరం అరవై పైసలని తేలినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నాలోని సంసారి మేల్కొని, అప్పు ఎంత తక్కువైతే అంత మంచిదన్న పెద్దల మాట గుర్తుచేసుకొని, ముందే కొంత కట్టే పద్ధతి ఏదైనా ఉందా అని మర్నాడు పోయి అడిగాను. ‘ఎందుకు లేదు సార్, పన్నెండుకి నాలుగు స్కీము ఉంది’ అన్నాడు కుర్రవాడు, నా బాధ్యతకు ముచ్చటపడుతూ. పన్నెండు వాయిదాల్లో నాలుగు ఇప్పుడే కౌంటరు దగ్గర కట్టేయాలి, మిగతా ఎనిమిది నెలనెలా. వడ్డీ అక్కడా సున్నానే. ఫీజు అక్కడా 590.

చూడటానికి ఇది ఎంత పొదుపరి పద్ధతి! కానీ నేను మొదటిరోజే 12,000, ఫీజు 590 కలిపి 12,590 కట్టేస్తే, 33,500 విలువైన ఫ్రిజ్జు మీద నాకు మిగిలిన అప్పు 20,910. దానికి ఎనిమిది నెలల్లో 24,000 కడతాను. తేడా మళ్లీ అదే 3,090. అప్పు మూడోవంతుకు పైగా తగ్గింది, గడువు నాలుగు నెలలు తగ్గింది, వదులుకున్న తగ్గింపు మాత్రం పైసా తగ్గలేదు. పై వరుసలోనే చివరి 12ను అలాగే ఉంచి మొదటి 12 బదులు 8, 32910 బదులు 20910 వేసి చూస్తే వార్షిక రేటు 38 శాతం వచ్చింది. నూటికి మూడు రూపాయల పదిహేడు పైసలు. మామూలు అప్పులో ముందు కట్టేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఈ సున్నా వడ్డీ లోకంలో ముందు కట్టేకొద్దీ రేటు పెరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ వడ్డీ అప్పుతో పాటు పుట్టలేదు, ధరలో ముందే పుట్టి కూర్చుంది. ఆ కుర్రవాడు నా బాధ్యతకు ఎందుకు ముచ్చటపడ్డాడో ఇంటికి వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు.

ఈ విషయంలో ప్రభుత్వం నిద్రపోయిందని ఎవరూ అనడానికి వీల్లేదు. 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సర్క్యులర్ పంపి, అసలు సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, వస్తువు ధరలో తగ్గింపు ఉంటే ఆ తగ్గింపు పోగా మిగిలినదాన్నే అప్పుగా ఇవ్వాలి తప్ప తగ్గింపును వడ్డీ తగ్గించినట్లు చూపకూడదని చెప్పింది. ఆ సర్క్యులర్ తేదీ సెప్టెంబరు 17. నల్లగొండ జిల్లాకు ఆ తేదీ 1948 నుంచి గుర్తే, నిజాం రాజ్యం ముగిసిన రోజు. సున్నా రాజ్యం మాత్రం ముగియలేదు. ‘జీరో పర్సెంట్’ అన్నచోట ‘నో కాస్ట్’ అని రాసుకొని ఎక్కువ బోర్డులు కొత్త బట్టలు కట్టుకున్నాయి. మా గాజు తలుపు ఆ శ్రమ కూడా తీసుకోలేదు. 2022లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో అసలు ఎంత, వడ్డీ ఎంత, నో కాస్ట్ చేయడానికి ఇచ్చిన తగ్గింపు ఎంత అన్నది వాయిదాలుగా మార్చకముందే విడివిడిగా చూపాలని, బిల్లులో కూడా రాయాలని రిజర్వు బ్యాంకు మళ్లీ చెప్పింది. కార్డు మీద కొన్నవారు తమ నెలవారీ బిల్లును ఒకసారి శ్రద్ధగా చదివితే అందులో వడ్డీ అన్న పేరుతోనే ఒక వరుస, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అని మరొక వరుస కనిపిస్తాయి. లేని వడ్డీ మీద పన్ను వేయగలగడం మన దేశం సాధించిన ప్రగతి.

అయితే ఏ ఆదేశానికీ అందని చోటు ఒకటుంది. అప్పిచ్చే సంస్థ ఇచ్చే కాగితంలోని వార్షిక రేటు దాని పుస్తకాల్లోని అప్పు మీద కట్టిన లెక్క. మేనేజరు క్యాలిక్యులేటరు మీద ఒక్క క్షణం మెరిసిన 33,500 ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అది అడిగినవాడికి మాత్రమే పుట్టే అంకె. అందులోనూ అడిగే వేళ ఒకటుంది. వాయిదాల మాట ఎత్తకముందు అడిగితే ఒక ధర, ఫైనాన్సు బల్ల దగ్గర కూర్చొని ఆధార్ ఇచ్చాక అడిగితే ‘రెండింటికీ ఒకటే రేటు సార్’ అన్న సమాధానం.

న్యాయంగా చెప్పాలంటే ఆ సమాధానం కొన్నిసార్లు నిజమే అవుతుంది. కొత్తగా వచ్చిన మోడళ్లకు తయారీ కంపెనీయే వడ్డీ మొత్తం భరించి, నగదు ఇచ్చేవాడికి ఏమీ తగ్గించని సందర్భాలు ఉన్నాయి. నాలుగు దుకాణాలు తిరిగినా నగదు ధర 36,000 నుంచి దిగకపోతే, ఫీజు కూడా లేకపోతే, వదులుకున్నది సున్నా కాబట్టి వడ్డీ కూడా నిజంగా సున్నానే. అప్పుడు వాయిదాలు వద్దన్నవాడే తెలివితక్కువవాడు. నేను తిరిగిన మూడు దుకాణాల్లో ఆ భాగ్యం నాకు కలగలేదు.

చివరికి ఆదివారం నాడు పోయి 33,500 ఒకేసారి కట్టాను. మొన్నటి మర్యాద లేదు. నీళ్లు నేనే వెళ్లి పట్టుకున్నాను. సిబిల్ స్కోరు బాగాలేక అప్పు పుట్టని మనిషినని అనుకున్నారో ఏమో, కుర్రవాడు నా వైపు జాలిగా చూశాడు.

ఫ్రిజ్జు చూడటానికి మామ వచ్చినప్పుడు ఈ లెక్కంతా ఆయన ముందు పెట్టాను. పన్నెండుకి నాలుగు స్కీము దగ్గర ఆయన నన్ను ఆపి మరొకసారి చెప్పించుకున్నాడు.

‘మూడు రూపాయల పదిహేడు పైసలా? నోటు రాయించుకోకుండనే?’

‘సంతకం ఫోన్‌లోనే మామా. నెలనెలా బ్యాంకులోంచి వాళ్లే తీసుకుంటారు.’

‘సాక్షులు?’

‘అక్కరలేదు.’

‘తిట్టరా జనం?’

‘థాంక్స్ చెప్తారు.’

మామ చాలాసేపు ఫ్రిజ్జు తలుపు తీస్తూ వేస్తూ నిలబడ్డాడు. బస్సుకు బయలుదేరేటప్పుడు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

‘అల్లుడా, నా దగ్గర రెండు లక్షలు ఊరికే పడున్నయి. ఆ దుకాణపోళ్లను అడిగి, వాళ్ల సున్నా మిత్తిల నా పైసలు గూడ తిప్పమని చెప్పరాదు?’