మార్జిన్ల మహావిద్య

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో టీ తాగుతుంటే వెనక బల్ల మీంచి వినపడింది. "ఒరే, నీకాడ తెలివి బిళ్ళ ఉందేటి? ఒకటియ్యరా, రేపు మాక్ టెస్టుంది." పక్కింట్లో చారెడు ఉప్పు అడిగినంత తేలిగ్గా అడిగాడా గ్రూప్-2 గుంటడు. తెలివనేది పుస్తకాల వల్లా, నాన్న తిట్ల వల్లా వస్తుందని నమ్మి ముసలాళ్ళమైపోయిన మా తరం ఏట్లో దూకాలి. దూకుదామంటే నాగావళిలో నీళ్ళుండాలి కదా.

ఆ బిళ్ళ అసలు పేరు మిథైల్‌ఫెనిడేట్. ధ్యాస నిలవక, కుదురుగా కూర్చోలేక అవస్థపడే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు డాక్టర్లు రాసే మందు. 1944లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే ఆయన తయారుచేశాడు. ఆయన భార్య రీటా టెన్నిస్ ఆడేముందు దాన్ని వేసుకునేదట, రిటాలిన్ అనే పేరు ఆవిడదే. ఆవిడ ఇండియన్ పాలిటీలో ఎన్ని మార్కులు తెచ్చుకుందో మాత్రం చరిత్రలో లేదు.

మన అభ్యర్థి సంగతి చూద్దాం. రాత్రి తొమ్మిదికి బిళ్ళ వేశాడు. పదింటికి దశ తిరిగింది. పుస్తకం తెరిచి మార్జిన్ కొట్టాడు. గీత వంకరపోయిందేమోనని ఇంకో స్కేలు తెచ్చి కొలిచాడు. ప్రాథమిక హక్కులకు ఆకుపచ్చ, ఆదేశిక సూత్రాలకు నీలం. మరి ప్రాథమిక విధులకు ఏ రంగు? దీని మీద అరగంట మీమాంస. పన్నెండింటికి టైమ్ టేబుల్ వేశాడు. ఆ టైమ్ టేబుల్ ఏ వేళప్పుడు చూసుకోవాలో చెప్పే ఇంకో టైమ్ టేబుల్ ఒంటిగంటకు వేశాడు. మూడింటికి కుర్చీ ఎక్కి ఫ్యాను రెక్కలు తుడిచాడు. తెల్లారి కళ్ళు ఎర్రగా చేసుకుని "నా జన్మలో ఇంత చదవలేదు" అని ప్రకటించాడు. పుస్తకం చూస్తే రెండో పేజీలోనే ఉంది. గీతలు మాత్రం కళ్ళకద్దుకోవాలి.

ఇందులో వాడి తప్పేం లేదు, మందు తన పని తాను చేసింది. మెదడులో నరాలు వదిలిన డోపమీన్, నారడ్రినలిన్ అనే రసాయనాలను అవి తిరిగి లోపలికి పీల్చుకోకుండా అది అడ్డుపడుతుంది. దాంతో చేతిలో ఉన్న పని మహా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది, అలసట తెలీదు. ఆ పని పాలిటీయా, ఫ్యాను రెక్కా అన్నది బిళ్ళకు పట్టదు. పైగా చదివింది నిద్రలో మెదడులో బాగా కుదురుకుంటుంది, ఆ నిద్రనేమో అది తరిమేసింది.

2023లో సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఏడీహెచ్‌డీ లేని 40 మందికి ఒక సంచి లెక్క ఇచ్చారు. ఒక్కో వస్తువుకు ఒక బరువు, ఒక విలువ ఉంటాయి. సంచి ఇంత బరువే మోస్తుంది. ఏవి పెడితే విలువ ఎక్కువొస్తుంది? ఒకసారి ఈ మందు, ఇంకోసారి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. మందు వేసుకున్నప్పుడు జనం ఎక్కువసేపు కూర్చున్నారు, వస్తువుల్ని ఎక్కువసార్లు పెట్టారు, తీశారు. ఇంతా చేస్తే సంచిలో విలువ తగ్గింది. ఉత్తుత్తి బిళ్ళతో బాగా చేసినవాళ్ళలో చాలామంది మందుతో సగటు కంటే కిందికి జారారు. అంటే ఉన్న తెలివికే చిల్లు! కష్టపడుతున్నామన్న భావన మాత్రం పుష్కలం.

ఇక గుండె. అదే నారడ్రినలిన్ గుండెను కూడా తోలుతుంది. నాడి పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. చాలామందిలో ఆ పెరుగుదల కొద్దిపాటిదే, కొందరికి మాత్రం అదే ప్రమాదం. అందుకే డాక్టరు ముందు బీపీ, నాడి చూస్తాడు, మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా అని అడుగుతాడు. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల గుండె కండరం మందమైనవాడికి ఆ సంగతి తనకే తెలియకపోవచ్చు. రూమ్మేటు ఇవేవీ అడగడు. బిళ్ళ ఇచ్చి, పైన స్ట్రాంగ్ కాఫీ పోసి, ఎనర్జీ డ్రింకు కూడా అందిస్తాడు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఛాతీ పట్టేసిందని, గుండె దడదడలాడుతోందని, కళ్ళు బైర్లు కమ్మి పడిపోయానని కుర్రాడు చెబితే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారేంట్రా మీరు? వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి 108కి ఫోన్ చెయ్యడం కూడా సిలబస్‌లో ఉండాలా? డాక్టరుకు బిళ్ళ సంగతి చెప్పకుండా "ఏం తినలేదండి" అని అబద్ధమాడేది ఎవరి పరువు కోసం?

ఇంకో సంగతి. ఈ మందు షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడు అట్టేపెట్టుకోవాలి. మరి ఈ గదుల్లోకి బిళ్ళలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వీళ్ళలో ఒకడి తమ్ముడు ఎనిమిదో తరగతి. వాడికి నిజంగానే ఏడీహెచ్‌డీ ఉంది, మందు పడ్డాకే క్లాసులో ఓ చోట కూర్చోగలుగుతున్నాడు. వాడి డబ్బాలోంచి అన్న రోజూ ఒకటి లాగాడు. నెల మధ్యలోనే డబ్బా ఖాళీ. కొత్త చీటీ లేనిదే షాపువాడు ఇవ్వనన్నాడు. తమ్ముడు మళ్ళీ క్లాసులో కిటికీ వైపు చూస్తూ దెబ్బలు తింటున్నాడు. అన్న మాత్రం మాక్ టెస్టుకి మార్జిన్లు కొడుతున్నాడు.