అసెంబ్లీ ప్రసంగంలో వాక్యం చివర ఏముంది?

మా హైస్కూల్లో ఉదయం అసెంబ్లీలో విద్యార్థి ప్రసంగానికి దొరికేది మూడు నిమిషాలు. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, నేటి మంచిమాట అయ్యాక, జాతీయ గీతానికి ముందు ఆ మూడు నిమిషాలు. పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు. మైకు ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చేయదు. అయినా పిల్లలంతా ఒకేచోట, ఒకే మాట వినే సమయం రోజు మొత్తంలో అదొక్కటే. తెలుగు చెప్పే టీచర్‌గా ఏళ్ల తరబడి ఈ ప్రసంగాలు రాయించాను, దిద్దాను, విన్నాను. వాటిలో చాలావరకు పిల్లల చెవిదాకా కూడా వెళ్లవని నాకు తెలుసు. తప్పు పిల్లలది కాదు. చదవడానికి రాసిన వ్యాసాన్ని కంఠతా పట్టించి, మాట్లాడమని స్టేజీ ఎక్కిస్తున్నాం.

బాలికా దినోత్సవానికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె బాల్య వివాహాలపై మాట్లాడతానంది. మొదట తెచ్చిన కాగితం ఇలా మొదలైంది: "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయినీ ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు హృదయపూర్వక నమస్కారాలు. బాల్య వివాహాలు అనేవి మన సమాజాన్ని అనాదిగా పట్టి పీడిస్తూ, ఆడపిల్లల భవిష్యత్తును అంధకారంలోకి నెట్టివేస్తూ, వారి ఆరోగ్యాన్ని హరించివేస్తున్న ఒక సామాజిక దురాచారం." వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. కానీ రెండో వాక్యాన్ని ఒక్క ఊపిరిలో చెప్పి చూడండి. "నెట్టివేస్తూ" దగ్గరే ఊపిరి అయిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాబట్టి వినేవాడు చివరిదాకా మొత్తం మోసుకుంటూ రావాలి. కళ్లతో చదివేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు, చెవికి ఆ వీలు లేదు.

దీనికి విరుగుడు మన అసెంబ్లీలోనే ఉంది, రోజూ చెప్పిస్తున్నా మనం గమనించం. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు." పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ తెలుగులో రాసిన ప్రతిజ్ఞ ఇది. ఆ రెండు వాక్యాల్లో క్రియే లేదు. ఒక్కోటి మూడే పదాలు. "నా", "నా" అంటూ ఒకే చోట దెబ్బ పడుతుంది. చెయ్యి చాచి నిలబడిన ఆరో తరగతి పిల్ల కూడా ఊపిరి తప్పకుండా చెప్పగలదు. గుంపుగా నోటితో చెప్పే మాట ఎలా ఉండాలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆ అమ్మాయితో కాగితం పక్కన పెట్టించి, "నీకు ఈ విషయం ఎందుకు చెప్పాలనిపించింది?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన క్లాసులో ఒక అమ్మాయి గురించి చెప్పింది. వేసవి సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదట. చెప్పినదాన్ని చెప్పినట్టే రాయమన్నాను. మర్నాడు తెచ్చింది:

"జూన్‌లో బడి తెరిచారు. ఆ అమ్మాయి రాలేదు. టీచర్ అటెండెన్స్ పిలిచారు. పలకలేదు. కొత్త పుస్తకాలు ఇచ్చారు. తీసుకోలేదు. పరీక్షలు పెట్టారు. రాయలేదు. ఎక్కడుందని అడిగాం. పెళ్లయిందన్నారు."

ఇందులో అలంకారం అంటూ విడిగా ఏదీ తగిలించలేదు. బడిలో ఏటా జరిగే పనులే వరుసగా ఉన్నాయి. ప్రతి పనికీ ఎదురుగా ఒక "లేదు" ఉంది. మన భాషలో ఈ "లేదు" ఎవరికైనా మారదు: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు. అందుకే వెతుక్కోకుండానే ప్రాస కుదురుతుంది. ఇంగ్లిష్ ఉపన్యాసాల్లో వాక్యం మొదట్లో ఒకే మాటను పదేపదే చెప్పే పద్ధతి ఉంది. చాలామంది పిల్లలు వీడియోల్లో చూసి దాన్ని తెలుగులోకి దించుతారు. మొదట్లో "మనం, మనం, మనం" అంటే తెలుగులో అంత పట్టు రాదు. మన వాక్యం బరువంతా చివర ఉంటుంది, కాబట్టి లయ కూడా అక్కడే నిలబడుతుంది. నాలుగుసార్లు "లేదు" విన్న చెవి ఐదోదానికి సిద్ధంగా ఉంటుంది. అక్కడ "పెళ్లయిందన్నారు" అని వస్తే, అలవాటైన లయ తెగిపోతుంది. దెబ్బ తగిలేది ఆ తెగిన చోటే.

ఇదే సులువు మనల్ని దారి తప్పిస్తుంది కూడా. ఆమె కాగితం చివరి పేరా ఇలా ఉంది: "బాల్య వివాహాలను అరికట్టాలి. ఆడపిల్లలను చదివించాలి. సమాజం మారాలి. చట్టాలు అమలు కావాలి." ఈ "ఆలి" కూడా ఎవరికైనా మారదు, ప్రాస పుట్టుకొస్తుంది, చప్పట్లూ వస్తాయి. కానీ ఆపాల్సింది ఎవరు? వాక్యంలో మనిషే లేడు. "లేదు" జరిగిన ఒక సంగతి చెప్పింది, "ఆలి" చేయాల్సిన మనిషిని దాచేసింది. నా అనుభవంలో సామాజిక సమస్యలపై పిల్లలు చేసే ప్రసంగాలన్నీ చప్పబడేది సరిగ్గా ఇక్కడే. మద్యపానమైనా, ప్లాస్టిక్ అయినా, బాల కార్మికులైనా చివరి పేరా అదే. అందుకే ఒక నియమం పెట్టాను: చివరి నిమిషంలో "ఆలి" ఒక్కసారికి మించి రాకూడదు, వచ్చినచోట ఎవరు చేయాలో కూడా ఉండాలి.

అలా రాస్తూ పోతే ఒక అంకె దగ్గర ఆగాం. బాలల సహాయ ఫోన్ నంబర్ 1098. దీన్ని "వెయ్యి తొంభై ఎనిమిది" అని చదివితే ఎవరికీ గుర్తుండదు. హిందీలో దాన్ని "దస్ నౌ ఆఠ్" అని ప్రచారం చేశారు. తెలుగులో "పది, తొమ్మిది, ఎనిమిది". అంకెలు వెనక్కి లెక్కపెట్టినట్టే ఉంటుంది, ఒకటో తరగతి పిల్లలకు కూడా వచ్చిన లెక్క. ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "సార్, అందరితో చెప్పిస్తాను" అంది. తన వాక్యాలు తానే కుదుర్చుకుంది: "ముహూర్తం పెట్టారని తెలిసిందా? పది, తొమ్మిది, ఎనిమిది. పుస్తకాలు అటక ఎక్కాయా? పది, తొమ్మిది, ఎనిమిది." ప్రశ్న తను అడుగుతుంది, జవాబు వరుసలన్నీ కలిసి చెబుతాయి. అసెంబ్లీలో పునరుక్తికి ఇంతకంటే మంచి ఉపయోగం నేను చూడలేదు. ఇక్కడ మళ్లీ మళ్లీ చెప్పేది భావాన్ని కాదు, చేత్తో నొక్కాల్సిన నంబర్‌ని.

గణాంకాల విషయంలో కొంచెం గొడవపడ్డాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో ఇది 23.5 శాతం. ఆమె మొదట, "మన వరుసలో పది మంది అమ్మాయిలను లెక్కపెట్టండి, అందులో ముగ్గురికి..." అని రాసింది. వినడానికి బలంగా ఉంటుంది, కానీ సర్వే ఆ మాట అనలేదు. అది అప్పటికే 20 దాటిన వాళ్ల లెక్క. నిలబడి ఉన్న పిల్లల భవిష్యత్తు గురించి చెప్పిన జోస్యం కాదు. "మన అక్కల వయసు వాళ్లలో పది మందిలో దాదాపు ముగ్గురికి" అని మార్చాం. బలం కొంచెం తగ్గింది. అబద్ధం మీద నిలబడిన బలం అయితే మాకు వద్దు.

అసలు కష్టం ఇంకోటి వచ్చింది. పెళ్లయిన ఆ అమ్మాయి చెల్లెలు మా బడిలోనే ఆరో తరగతి. ప్రసంగం వింటూ వరుసలో నిలబడేది ఆ పిల్లే. ఊరు చిన్నది, పేరు చెప్పకపోయినా అందరి తలలూ ఆ వైపు తిరుగుతాయి. పైగా కాగితంలో ఒక ప్రశ్న ఉంది: "కన్నబిడ్డను బలి ఇచ్చే తల్లిదండ్రులకు సిగ్గు లేదా?" ఆ తల్లిదండ్రులు అసెంబ్లీలో ఉండరు, వాళ్ల బిడ్డ ఉంటుంది. ఎవరిని అడుగుతున్నామో ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు, ఆ ప్రశ్న ఉన్నవాళ్లకే తగులుతుంది. ఆ వాక్యం కొట్టేశాం. "మన బడి" తీసేసి "ఒక బడి" అని, "మా క్లాసు" తీసేసి "ఒక అమ్మాయి" అని మార్చాం. బల్లెంలా ఉన్న ప్రశ్న స్థానంలో ఆమె ఇంట్లో విన్న మాట పెట్టింది: "పెళ్లి చేస్తే భారం దిగిపోతుంది అంటారు. నాన్న భుజం మీంచి దిగింది. అక్క భుజం మీదికి ఎక్కింది." దిగడం, ఎక్కడం అనే రెండు మామూలు మాటలే. ఎవరినీ తిట్టలేదు. కానీ పెద్దలు రోజూ అనే మాటలో దాగిన తప్పు బయటపడింది.

రిహార్సల్‌లో నేను చేయించే పరీక్ష ఒక్కటే. మాట్లాడే పిల్ల స్టేజీ మీద ఉంటుంది, ఇంకో పిల్ల గ్రౌండ్ చివర నిలబడి తనకు వినిపించింది రాస్తుంది. మొదటిసారి ఆ చివరి పిల్ల రాసింది నాలుగు ముక్కలే. కారణం గొంతు కాదు, వేగం. కంఠతా పట్టినవాళ్లు మరచిపోతామనే టెన్షన్‌లో పరుగెత్తుతారు. నిమిషానికి 90, 100 పదాలు దాటితే వెనక వరుసకు వినపడేది చప్పుడే. "పెళ్లయిందన్నారు" తర్వాత మనసులో మూడు అంకెలు లెక్కపెట్టమన్నాను. ఆమెకు అది భయంగా అనిపించింది. మరచిపోయాననుకుంటారేమో అంది. అనుకోనీ అన్నాను.

ఆ రోజు మైకు పని చేయలేదు. "రాయలేదు" వరకు చిన్న తరగతుల వరుసల్లో కాళ్లు కదులుతూనే ఉన్నాయి. "పెళ్లయిందన్నారు" అన్నాక ఆమె ఆగింది. కంకర మీద చెప్పుల చప్పుడు కూడా ఆగింది. తర్వాత నంబర్ మొదటిసారి సగం మందే చెప్పారు. మూడోసారికి గేటు బయట ఉన్న ఆటో డ్రైవర్ కూడా ఇటు తిరిగి చూశాడు.

చట్టం గురించి ఆమె ఒక్క ముక్కే చెప్పింది: కోర్టు ఆపమన్నాక చేసిన బాల్య వివాహం చెల్లదు. 2006 చట్టంలో ఇంకా చాలా ఉంది. చేసినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు ఉంది. మైనర్‌గా పెళ్లయినవాళ్లు మేజర్ అయిన రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకునే హక్కూ ఉంది. మూడు నిమిషాల్లో అవన్నీ చెబితే ఒక్కటీ మిగలదని వదిలేశాం. అది సరైన పనే అనుకుంటున్నాను.

వదిలేయకూడనిది మాత్రం ఒకటి వదిలేశాం. రెండు రోజుల తర్వాత ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర నిలబడి, "సార్, ఫోన్ చేస్తే మన పేరు వాళ్లకు చెప్పేస్తారా?" అని అడిగింది. చెప్పరు, ఫోన్ చేసినవాళ్ల వివరాలు రహస్యంగా ఉంచుతారు అన్నాను. ఆ వాక్యం ప్రసంగంలో లేదు. ఇప్పుడు కాగితంలో నంబర్ కిందే రాసి పెట్టాం: "నీ పేరు బయటికి రాదు."