క్వేకర్ల మౌనం, లోపలి వెలుగు, 88 ఏళ్ల ఆలస్యం

ఇంగ్లండ్‌లో గానీ, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గానీ క్వేకర్లనే క్రైస్తవ శాఖలో పాత పద్ధతి పాటించేవారి ఆరాధన మందిరంలో బలిపీఠం ఉండదు, సిలువ ఉండదు, పాస్టర్ ఉండడు, పాటల పుస్తకం ఉండదు. బెంచీలు ఎదురెదురుగా వేసి ఉంటాయి. ముందు వచ్చినవాళ్లు కూర్చోగానే ఆరాధన మొదలైనట్టే. సుమారు గంటసేపు అందరూ మాటల్లేకుండా కూర్చుంటారు. మాట్లాడక తప్పదన్న ప్రేరేపణ ఎవరికైనా కలిగితే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇందులో తేడా లేదు. వెంటనే ఇంకొకరు లేవకూడదు. విన్నది లోపలికి ఇంకేంత సమయం ఇవ్వాలి. చివర్లో ఆ బాధ్యత ఉన్న ఇద్దరు కరచాలనం చేసుకుంటే ఆరాధన ముగిసినట్టు. గంటంతా ఒక్కరూ నోరు విప్పకపోయినా వెలితి అనుకోరు.

మనకు ఇది ధ్యానంలా అనిపిస్తుంది. కానీ ధ్యానంలో ఎవరి సాధన వారిది, పక్కన నలుగురు ఉన్నా లేకపోయినా సాగుతుంది. రమణాశ్రమంలో భక్తులు మౌనంగా కూర్చున్నా ఎదురుగా గురువు ఉండేవారు. క్వేకర్ల మౌనంలో గురువు లేడు, మంత్రం లేదు, మనసును శూన్యం చేసుకోవాలన్న లక్ష్యమూ లేదు. అందరూ కలిసి ఒకరి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ వచ్చేది దేవుని ఆత్మ అనీ, అది ఎవరి నోటనైనా పలకవచ్చనీ వారి నమ్మకం.

ఈ నమ్మకానికి మూలం 17వ శతాబ్దపు ఇంగ్లండ్. జార్జ్ ఫాక్స్ అనే యువకుడు తన వేదనకు జవాబు కోసం ఎందరో మతగురువుల దగ్గరకు తిరిగాడు. ఎవరూ ఆదుకోలేదు. 1647లో, నీ స్థితిని ఎరిగి మాట్లాడగలవాడు క్రీస్తు ఒక్కడే అన్న స్వరం తనకు వినిపించిందని రాసుకున్నాడు. ఆ మాట మీదే అతని బోధ నిలబడింది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ‘ప్రతి మనుష్యుని’ వెలిగించే నిజమైన వెలుగు అని ఉంటుంది. ఫాక్స్ ఆ ‘ప్రతి’ని అక్షరాలా తీసుకున్నాడు. ప్రతి మనిషిలోనూ ఆ వెలుగు ఉంటే, మధ్యలో జీతం తీసుకునే గురువు ఎందుకు? ముందే రాసిపెట్టిన ప్రార్థన ఎందుకు?

ఈ వెలుగును మన మనస్సాక్షితో ఒకటి చేయడం సులువు. రాబర్ట్ బార్‌క్లే అనే క్వేకర్ పండితుడు 1670ల్లోనే అది తప్పని చెప్పాడు. మనస్సాక్షి లాంతరు అయితే వెలుగు అందులోని కొవ్వొత్తి అన్నాడు. మనస్సాక్షి పెంపకంతో, అలవాటుతో, స్వార్థంతో మసిబారుతుంది. మసిపట్టిన లాంతరు ఉన్నా చీకటి చీకటిగానే ఉంటుంది. తొలినాటి క్వేకర్లు వెలుగు అన్నప్పుడు హాయినిచ్చేదాన్ని ఉద్దేశించలేదు. అది ముందుగా మనలోని తప్పును చూపిస్తుంది, కూర్చున్నచోట కుదురుగా ఉండనివ్వదు. ఈ రోజుల్లో అంతర్జ్యోతి అంటే ప్రశాంతత, టెన్షన్ తగ్గడం అన్నట్టు చెప్పేవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తున్నారని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరే ఉంది. లోపల పలికింది దేవుడా, నా అహంకారమా? 1656లో జేమ్స్ నేలర్ అనే పేరున్న క్వేకర్ బోధకుడు గుర్రమెక్కి బ్రిస్టల్ నగరంలోకి వచ్చాడు. యెరూషలేములో క్రీస్తుకు స్వాగతం పలికినట్టు అనుచరులు ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అని పాడుతూ ముందు నడిచారు. తనలోని క్రీస్తుకు అది గుర్తు మాత్రమేనని నేలర్ వాదించాడు. పార్లమెంటు వినలేదు. కొరడా దెబ్బలు కొట్టించి, కాల్చిన ఇనుపకమ్మితో నాలుకను గుచ్చి, నుదుటిన దైవదూషకుడని ముద్ర వేయించింది. శిక్ష దారుణమే. కానీ క్వేకర్లకూ పాఠం అందింది. ఒక్కరికి కలిగిన ప్రేరేపణను సమాజం కలిసి మౌనంలో పరీక్షించాలని ఫాక్స్ నెలవారీ, త్రైమాసిక, వార్షిక సభలను ఏర్పరిచాడు. అక్కడ ఓటు ఉండదు. అందరి మనసూ ఒకచోటికి వచ్చిందని సభను నడిపే క్లర్కుకు తోస్తే అది తీర్మానంగా రాస్తారు. రాకపోతే ఆగుతారు.

ఈ ఆగడంలోనే ఇంకో ప్రమాదం దాగి ఉంది. తప్పుదారి పట్టింది ఒక్కడు కాక సమాజమే అయితే?

1688లో ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో నలుగురు వలసవాసులు బానిసత్వాన్ని ఖండిస్తూ సభకు ఒక పత్రం రాశారు. మీకు ఏం జరగాలని కోరుకుంటారో అదే ఇతరులకూ చేయమన్న సూత్రం తోలు రంగును బట్టి మారుతుందా అని అడిగారు. నెలవారీ సభ, ఇది మా స్థాయికి మించిన బరువైన విషయం అని త్రైమాసిక సభకు పంపింది. అదీ అలాగే పైకి పంపింది. వార్షిక సభ తీర్పు చెప్పడం తగదని పక్కన పెట్టింది. అక్కడున్న సంపన్న క్వేకర్లలో చాలామందికి బానిసలు ఉన్నారు.

జాన్ వుల్‌మన్ అనే క్వేకర్ 1720లో న్యూజెర్సీలో పుట్టాడు. దుకాణంలో గుమాస్తాగా ఉన్నప్పుడు యజమాని ఒక నల్లజాతి స్త్రీని అమ్ముతూ క్రయపత్రం రాయమన్నాడు. కొంటున్నది ఒక ముసలి క్వేకరు. వుల్‌మన్ రాశాడు. కానీ ఇది క్రైస్తవానికి విరుద్ధమని ఇద్దరి ముందే అన్నాడు. తర్వాత ఇంకెవరు అడిగినా అలాంటి పత్రం రాయలేదు. కుర్రతనంలో ఒకసారి ఆరాధనలో లేచి, ప్రేరేపణ ఉన్నంత మేరకే మాట్లాడి ఆగక నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినందుకు వారాల తరబడి బాధపడ్డాననీ, సుమారు ఆరు వారాల తర్వాతే మళ్లీ నోరు విప్పాననీ తన డైరీలో రాసుకున్నాడు. ప్రేరేపణ ఆగిన చోట తన మాటలూ ఆపడం అతను అలా నేర్చుకున్నాడు. ఆ తర్వాత బానిసల యజమానుల ఇళ్లకు వెళ్లి, కోపం లేకుండా, వదలకుండా మాట్లాడాడు. వాళ్లింట తిన్న భోజనానికి డబ్బు ఇచ్చి వచ్చేవాడు, బానిసల కష్టాన్ని ఉచితంగా తినలేక.

1758 వార్షిక సభలో కొందరు ప్రభువు మార్గం తెరిచేదాకా వేచి ఉందామన్నారు. ఎదురుచూపే ఆరాధనగా ఉన్నవాళ్ల నోట ఈ మాట ఎంత భక్తిగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. వుల్‌మన్ లేచి, బాధితుల మొర దేవునికి చేరిందనీ, కొందరి లాభం కోసం ఇంకా ఏదో అద్భుతానికి ఎదురుచూస్తూ కర్తవ్యాన్ని వదిలేస్తే దేవుడు భయంకరంగా జవాబు చెప్పవచ్చనీ అన్నాడు. సభ మనసు మారింది. యజమానుల్ని కలిసి ఒప్పించడానికి ఒక బృందాన్ని పంపారు. 1776లో బానిసల్ని విడవని సభ్యుల్ని సమాజం నుంచి తొలగించాలని ఫిలడెల్ఫియా వార్షిక సభ నిర్ణయించింది.

నలుగురి పత్రం నుంచి అక్కడికి 88 ఏళ్లు. ఆ ఆలస్యంలో ఎన్ని జీవితాలు అమ్ముడుపోయాయో అన్న బాధను పక్కన పెట్టి ఈ పద్ధతిని మెచ్చుకోవడం నాకు చేతకాదు. అయినా, పై నుంచి ఆజ్ఞ ఇచ్చే బిషప్పు లేని ఒక సమాజం, తన సభ్యుల ఆస్తికి నష్టమని తెలిసి కూడా, ఒకరినొకరు ఒప్పించుకుని ఆ తీర్మానానికి వచ్చింది. ఎదురుచూపు నిజమైనదా, సాకా అని తేల్చడానికి వుల్‌మన్ వాడిన కొలత నాకు ఇప్పటికీ సరైనదిగానే తోస్తుంది: ఆగడం వల్ల నష్టం ఎవరికి, లాభం ఎవరికి?

ఆ కొలత 1776తో పని పూర్తి చేసుకోలేదు. బానిసల్ని విడిచిన ఫిలడెల్ఫియా క్వేకర్ల మందిరాల్లో తర్వాత కూడా నల్లవారికి వేరే బెంచీ ఉండేది. సారా మాప్స్ డగ్లస్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని తల్లితో కలిసి అక్కడ మౌనంలో కూర్చునేది. ‘ఈ బెంచీ నల్లవాళ్లది’ అని చిన్నతనంలో పదేపదే విన్నాననీ, వీళ్లు క్రైస్తవులేనా అని తనలో తాను ప్రశ్నించుకున్నాననీ 1830ల్లో ఒక ఉత్తరంలో రాసింది.