గల్లాపెట్టె చూసి కంపెనీలు కొంటున్నారు

మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో అన్‌లిస్టెడ్ షేర్లు అమ్మేవాళ్ల మెసేజ్‌లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ‘ఇంకా లాభాలు రాలేదు గానీ అమ్మకాలు ఏటా 40 శాతం పెరుగుతున్నాయి. పోటీ కంపెనీ సేల్స్‌కి 14 రెట్లు పలుకుతోంది, ఇది 8 రెట్లకే దొరుకుతోంది. ఐపీఓకి ముందే పట్టేయండి.’ షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పేది పీఈ, లాభం లేని కంపెనీకి అది ఉండదు. అందుకని ఆ కుర్చీలో ప్రైస్ టు సేల్స్ వచ్చి కూర్చుంది. కంపెనీ మొత్తం షేర్ల విలువను ఏడాది అమ్మకాలతో భాగిస్తే వచ్చే అంకె అది. ఆ ఒక్క అంకెతో ఏ కంపెనీనీ చవక అనడానికి వీల్లేదు.

హైదరాబాద్‌లో నడుస్తున్న బిర్యానీ హోటల్‌ని కొనదలచినవాళ్లు గల్లాపెట్టెలో రోజుకి ఎంత పడుతోందో అడిగి ఊరుకోరు. మటన్ ఖర్చెంత, వంటమాస్టర్ జీతమెంత, అద్దె ఎంత, డెలివరీ యాప్ కోసుకునేది ఎంత అని ఆరా తీస్తారు. అదే మనుషులు షేర్ల దగ్గరికి వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గరే ఆగిపోతున్నారు.

2021 నవంబరులో వచ్చిన పేటీఎం ఐపీఓని మరోసారి తిరగేద్దాం. కథ అందరికీ తెలుసు, లెక్క మాత్రం చాలామంది చూడలేదు. షేరు ధర రూ.2,150. ఆ ధరకి కంపెనీ విలువ దాదాపు రూ.1.39 లక్షల కోట్లు. 2020-21లో కార్యకలాపాల ఆదాయం రూ.2,802 కోట్లు, నష్టం రూ.1,701 కోట్లు. అంటే అమ్మకాలకి సుమారు 50 రెట్లు. ‘వేగంగా పెరిగే కంపెనీ, రెండు మూడేళ్లలో ఆ 50 కాస్తా 15 అవుతుంది’ అని సర్దిచెప్పుకున్నవాళ్లు చాలామంది.

ఆ రూ.2,802 కోట్లలో కంపెనీ చేతికి నిజంగా మిగిలింది ఎంత? చెల్లింపుల వ్యాపారంలో వచ్చే రుసుము చాలావరకు చేతులు మారిపోతుంది. ఉదాహరణకి మీరు క్రెడిట్ కార్డుతో రూ.10,000 కడితే దుకాణదారు నుంచి రూ.200 వసూలైందనుకుందాం. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకీ, కార్డు నెట్‌వర్క్‌కీ పోతుంది. పుస్తకాల్లో ఆదాయం మాత్రం రూ.200 అనే పడుతుంది. ఇక కోఠీలో ఇరానీ చాయ్ తాగి ఖాతా నుంచి యూపీఐలో రూ.20 కొడితే దుకాణదారు నుంచి వసూలయ్యే రుసుము సున్నా. 2020 జనవరి నుంచి ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. లావాదేవీలు కోట్లలో పెరగొచ్చు, వాటి మీద వచ్చే డబ్బు పెరగకపోవచ్చు.

ఈ ప్రాసెసింగ్ ఖర్చులు, క్యాష్‌బ్యాక్‌లు, ఇతర ప్రత్యక్ష ఖర్చులు తీసేస్తే మిగిలేదాన్ని కంపెనీలు కంట్రిబ్యూషన్ ప్రాఫిట్ అంటాయి. 2020-21లో పేటీఎంకి అది రూ.363 కోట్ల దగ్గర తేలింది. ఆఫీసు జీతాలు, టెక్నాలజీ, మిగతా ఖర్చులన్నీ ఆ మిగులులోంచే భరించాలి. ఆ లెక్కన చూస్తే మదుపరి కట్టింది 50 రెట్లు కాదు, 380 రెట్లు. రూపాయి అమ్మితే 80 పైసలు మిగిలే సాఫ్ట్‌వేర్ కంపెనీనీ, 13 పైసలు మిగిలే చెల్లింపుల కంపెనీనీ ఒకే ప్రైస్ టు సేల్స్ పట్టికలో పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చిన ప్రమాదం ఇదే.

ఇప్పుడు వెనక నుంచి లెక్క వేయండి. మదుపరికి ఏటా 12 శాతం రావాలంటే ఆరేళ్లలో విలువ రెట్టింపై రూ.2.78 లక్షల కోట్లకి చేరాలి. అప్పటికి పీఈ 25 ఉంటుందని ఉదారంగానే అనుకున్నా ఏడాది లాభం రూ.11,000 కోట్లు దాటాలి. నూటికి 20 లాభం మిగిలితే అందుకు కావలసిన అమ్మకాలు సుమారు రూ.55,600 కోట్లు, అంటే ఆరేళ్లలో 20 రెట్లు. నష్టాల్లో ఉన్న కంపెనీ మీద పెట్టిన ఆశ ఇది. కొత్త షేర్లు జారీ అయితే ఆ లక్ష్యం ఇంకా పైకి పోతుంది.

తర్వాత ఏం జరిగిందో చూస్తే, ఆదాయం అంచనా వేసినవాళ్లు పెద్దగా తప్పు చేయలేదు. 2023-24లో ఆదాయం రూ.9,978 కోట్లకి చేరింది, మూడేళ్లలో మూడున్నర రెట్లు. ఆ ఏడాదీ రూ.1,422 కోట్ల నష్టమే వచ్చింది. 2024 మార్చి చివరికి షేరు రూ.400 దగ్గరుంది. పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వ్ బ్యాంకు ఆంక్షల వల్లే పడిందనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ ఆంక్షలు వెలువడిన 2024 జనవరి 31న మార్కెట్ ముగిసేసరికి షేరు రూ.761 దగ్గరుంది. ఇష్యూ ధరలో మూడోవంతు మాత్రమే. రిజర్వ్ బ్యాంకు చెయ్యి పడకముందే మూడింట రెండొంతులు పోయాయి.

ఉద్యోగులకి కంపెనీ షేర్ల రూపంలో ఇచ్చే ఈసాప్‌ల సంగతీ చూడాలి. ఆ ఖర్చు తీసేస్తే నిర్వహణ లాభంలోకి వచ్చామని 2022 డిసెంబరు త్రైమాసికం నుంచే కంపెనీ చెప్పుకుంది. 2023-24లో ఆ ఖర్చు రూ.1,400 కోట్లు దాటింది. హైటెక్ సిటీలో ఈసాప్‌లని జీతంలో భాగంగా లెక్కేసుకునే ఉద్యోగే, షేరు కొనేటప్పుడు అది ఖర్చు కాదంటే ఎలా నమ్ముతాడు?

దీనికి ఎదురు వాదన ఉంది. జొమాటో కూడా నష్టాల్లోనే ఐపీఓకి వచ్చింది, రూ.76కి కొని ఓపిక పట్టినవాళ్లు బాగుపడ్డారు, 2023-24లో రూ.351 కోట్ల లాభం కూడా వచ్చింది. నిజమే. కానీ జొమాటో ప్రాస్పెక్టస్‌లోనే ఒక మలుపు కనిపించింది. 2019-20లో ఒక్కో ఆర్డర్ మీద సుమారు రూ.30 పోగొట్టుకున్న కంపెనీ, 2020-21కి ఆర్డర్‌కి రూ.20 దాకా మిగుల్చుకుంది. అది చూసి కొన్నవాళ్లకి ఒక ఆధారం ఉంది. ప్రైస్ టు సేల్స్ చూసి కొన్నవాళ్లకి అదృష్టం కలిసొచ్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ కొలత అమ్మేవాడికి అనుకూలం. పేటీఎం సేకరించిన రూ.18,300 కోట్లలో రూ.10,000 కోట్లు ఆఫర్ ఫర్ సేల్. ఆ డబ్బు వ్యాపారంలోకి వెళ్లలేదు, పాత ఇన్వెస్టర్ల జేబుల్లోకి వెళ్లింది. ప్రైవేటు ఫండ్లు ఒక విడతలో పెట్టిన ధరకి తర్వాతి విడత ఇంకొంత కలుపుతుంది, చివరి విడత ధరకి సమర్థన కావాలి. లాభం ఆ సమర్థన ఇవ్వదు, అమ్మకాలు ఇస్తాయి. చివరి కొనుగోలుదారు కూకట్‌పల్లిలో ఈఎంఐ కట్టుకుంటూ నెలకింత దాచుకున్న ఉద్యోగి. లాభాల చరిత్ర లేని కంపెనీ ఇష్యూల్లో చిన్న మదుపరులకి ఇచ్చే రిటైల్ వాటాను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 10 శాతానికి పరిమితం చేసింది. మంచిదే. కానీ లిస్టయిన మర్నాడు ఆ పరిమితి ఎవరినీ కాపాడదు.

అందుకే సెబీ ఇంకో అడుగు వేయాలి. 2022 నుంచి ఆఫర్ డాక్యుమెంట్లలో కీలక పనితీరు కొలమానాలు చూపడం తప్పనిసరైంది. కానీ అందులో కంపెనీలు తమకి నచ్చిన కొలమానాలకి పెద్దపీట వేసుకునే వీలుంది. నష్టాల్లో ఉన్న ప్రతి కంపెనీ ధరను ఆదాయంతో పోల్చిన చోటే, ఈసాప్ ఖర్చు కూడా కలిపి లెక్కేసిన కంట్రిబ్యూషన్‌తోనూ పోల్చి, గత మూడేళ్ల అంకెలతో ఒకే పేజీలో వేయాలి. ఆ పేజీ వచ్చేదాకా ప్రాస్పెక్టస్‌లోని ఖర్చుల పట్టిక తెరిచి ఈ భాగహారం మనమే చేసుకోవాలి. మూడేళ్లలో ఆదాయంతోపాటు ఆ మిగులు శాతం పెరగకపోతే 8 రెట్లు కూడా ఖరీదే.