రాయల్టీ అందరికీ పంచండి, సంతకం ఒక్కరికే ఇవ్వండి

రచయిత పోయాక రాయల్టీ ఎవరికి దక్కాలి? భార్యకా, మొదటి భార్య పిల్లలకా, చివరి రోజుల్లో చూసుకున్న వాళ్లకా? ప్రతిసారీ చర్చ ఇక్కడే తిరుగుతుంది. నా దృష్టిలో ఇది అసలు ప్రశ్నే కాదు. డబ్బును ఎంతమందికైనా పంచొచ్చు. పుస్తకం మళ్లీ అచ్చేయడానికో, సినిమా తీయడానికో ఇచ్చే అనుమతిని మాత్రం ముక్కలు చేయలేం. కొంపలు కూలేది అక్కడే.

అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ సంగతే తీసుకోండి. 1968లో చనిపోయాడు. కాపీరైట్లు మూడో భార్య ఎలేన్‌కు రాసి, రెండో భార్య వల్ల కలిగిన ఇద్దరు కొడుకులకు చెరో 50 వేల డాలర్లు పెట్టాడు. అయితే అక్కడి చట్టం కొన్ని పుస్తకాల హక్కుల్లో కొడుకులకూ చోటిచ్చింది. 1983లో రాజీ కుదిరింది: రాయల్టీలో ముగ్గురికీ సమాన వాటా, ఒప్పందాలు చేసుకునే అధికారం మాత్రం ఎలేన్‌ది. నన్నడిగితే ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు.

అది ఎందుకు చెడింది? ఎలేన్ 2003లో పోతూ తన హక్కులను తన మొదటి పెళ్లి వల్ల కలిగిన కూతురి వైపు వాళ్లకు రాసింది. కొడుకుల పేరు లేదు. మరుసటి ఏడాదే, పాత ప్రచురణ ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామంటూ స్టైన్‌బెక్ పెద్ద కొడుకు, మనవరాలు నోటీసులిచ్చారు. 1938 నాటి ఒప్పందం స్థానంలో ఎలేన్ 1994లోనే కొత్తది చేసుకుంది కాబట్టి రద్దు చేయడానికి పాతదేదీ మిగల్లేదని 2008లో అప్పీలు కోర్టు తేల్చేసింది. గొడవ అంతటితో ఆగలేదు. హక్కులు మావేనని కొడుకు కుటుంబం చెప్పుకుంటూ తిరగడం వల్ల సినిమా ఒప్పందాలు చెడిపోయాయని ఎలేన్ కూతురు దావా వేసింది. 2017లో జ్యూరీ ఆమెకు కోటీ 30 లక్షల డాలర్లు ఇవ్వమంది. తర్వాత పైకోర్టు నష్టపరిహారాన్ని ఉంచి, శిక్షగా వేసిన మొత్తంలో కోత పెట్టింది. 1983 రాజీ ఉన్నా, తన తర్వాత సంతకం ఎవరి చేతికి వెళ్లాలో ఇరుపక్షాలకూ నచ్చేలా ఎలేన్ తేల్చలేదు. చిక్కంతా అదే.

మన చట్టంలో ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. కాపీరైట్ కూడా ఆస్తే. వీలునామా లేకపోతే ఇల్లూ, బంగారంలాగే వారసులందరికీ ఉమ్మడిగా వెళ్తుంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒక్కరు మిగతావాళ్లను కాదని అనుమతి ఇవ్వడం కుదరదు. ముగ్గురు పిల్లలున్న రచయిత పోయి నలభై ఏళ్లయిందనుకోండి. ఆ పిల్లలూ పోయుంటే మనవలు ఎనిమిది మంది తేలతారు. ఇద్దరు ఎక్కడున్నారో తెలీదు, ఒకాయనకు బాబాయి కొడుకుతో మాటల్లేవు. వెయ్యి కాపీలు వేద్దామని వచ్చిన ప్రచురణకర్త ఎనిమిదో సంతకం కోసం ఎందుకు తిరుగుతాడు? ఇంకో పుస్తకం చూసుకుంటాడు. పోనీ ఆ రాయల్టీ ఎంత? ఎనిమిది మందికి పంచితే సంతకాలకు తిరిగిన ఖర్చు కూడా రాదు.

ఒక్కరి చేతికి అధికారమిస్తే మిగతావాళ్లను ముంచేస్తారు కదా అంటారు. నిజమే, ముంచిన వాళ్లున్నారు. అందుకే ఏటా లెక్క చూపాలని, వాటాలు ప్రచురణకర్తే నేరుగా ఎవరికి వారికి పంపాలని వీలునామాలోనే రాయాలి. సంతకం పెట్టే మనిషి చేతికి డబ్బు రాకపోతే ముంచే అవకాశం చాలా తగ్గుతుంది. ఆ మనిషి తర్వాత ఎవరన్నదీ రచయితే రాయాలి.

ఇదంతా నేను ఎప్పుడూ మొత్తుకునే విషయానికే దారి తీస్తుంది. అసలు మన చట్టం కాపీరైట్‌ను రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల దాకా ఎందుకు ఉంచాలి? వారసులు ఇంతమంది అయ్యేది ఆ గడువు వల్లే. మూడో తరం దాకా లాగితే సంతకాలు పెరుగుతాయి, ఆదాయం తరుగుతుంది. అమెరికాలో 1978కి ముందు కాపీరైట్ 28 ఏళ్లే. కావాలంటే కాపీరైట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టి పొడిగించుకోవాలి. ఎక్కువ పుస్తకాలకు ఆ పొడిగింపే అడగలేదు. డబ్బు రాని హక్కును ఎవరూ పట్టుకు వేళ్లాడరని తెలిసిపోయింది కదా. మన దగ్గర హక్కుదారు జాడ తెలియకపోతే పేపర్లో ప్రకటన వేసి, కోర్టుకు వెళ్లి, రాయల్టీ డిపాజిట్ చేసి లైసెన్సు తెచ్చుకునే వీలు చట్టంలో ఉంది. వెయ్యి కాపీల పుస్తకానికి అంత టెన్షన్ ఎవరు పడతారు?

మన గడువు మొదట 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు విశ్వభారతి దగ్గర ఉండేవి. 1991 ఆఖరుకు అవి ముగియబోతుంటే పదేళ్లు పొడిగించారు. ఆయన ఒక్కరికే కాదు, అప్పటికి హక్కులు మిగిలి ఉన్న రచయితలందరికీ. వారసులెవరో కూడా తెలియని వాళ్ల పుస్తకాలకు సైతం ఆ రోజు ఇంకో పదేళ్లు తాళం పడింది.