నానమ్మ చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించే ముందు

“దయచేసి అందరికీ పంపండి 🙏 సంగీత రహస్యాలు: (1) 440 హెర్ట్జ్ మనసుని పాడు చేస్తుంది, 432 హెర్ట్జ్ ప్రకృతి స్వరం. (2) కడుపులో బిడ్డకి మొజార్ట్ వినిపిస్తే తెలివి పెరుగుతుంది. (3) పాట వింటే ఒళ్ళు పులకరించనివాళ్ళవి రాతిగుండెలు. (4) మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దలకి హెడ్‌ఫోన్స్ పెట్టి రోజూ 3 గంటలు 432 హెర్ట్జ్ సంగీతం వినిపించండి. 41 రోజుల్లో జ్ఞాపకాలు తిరిగొస్తాయి, మాత్రలు అక్కర్లేదు. (5) ఒంటరిగా విన్న పాటకన్నా నలుగురితో విన్న పాటకి శక్తి ఎక్కువ.”

కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. ఒకరు పంపితే పదిమంది దండం బొమ్మలు పెడుతున్నారు. పంపేవాళ్ళకి దురుద్దేశం లేదని తెలుసు. కానీ ఆ నాలుగో మాట నమ్మి ఏ ఇంట్లోనైనా ఒక పెద్దావిడ మాత్రలు ఆపేస్తే ఆ నష్టాన్ని మంచి మనసు పూడ్చలేదు.

మొదటి మాట. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే లెక్క. హార్మోనియం మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం తీసుకోండి. 440కీ 432కీ తేడా అందులో మూడో వంతు కూడా ఉండదు. సెల్స్ నీరసపడ్డ పాత టేప్ రికార్డర్ పాటని అంతకన్నా ఎక్కువే కిందికి లాగేది, అయినా ఇంటిల్లిపాదీ ఆనందంగానే విన్నారు. 440 అనేది వాద్యాలన్నీ ఒకే శ్రుతిలో ఉండటానికి 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో కుదుర్చుకున్న ఒప్పందం, అంతే. మన కర్ణాటక సంగీతంలో ఆ ఒప్పందం కూడా లేదు. ఎవరి గొంతుకి తగిన శ్రుతి వాళ్ళదే. మగవాళ్ళు ఒకటి శ్రుతిలో పాడితే ఆడవాళ్ళు ఐదున్నరలో పాడతారు, మధ్యలో ఎనిమిది మెట్ల దూరం. ఒకే కీర్తన ఇద్దరి గొంతులోనూ కళ్ళు చెమర్చేలా చేస్తోందంటే, కదిలించేది ఆ అంకె కాదు.

రెండోది. ఈ మాటకి మూలం 1993 నాటి ఒక ప్రయోగం. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం పది నిమిషాలు విన్నాక, కాగితం మడతలు ఊహించే తరహా లెక్కల్లో కాస్త బాగా చేశారు. పావుగంటలో ఆ ప్రభావం పోయింది. అందులో గర్భిణులు లేరు, పసిపిల్లలు లేరు.

మూడోది చదివితే బాధేస్తుంది. మిగతా అన్ని విషయాల్లో సంతోషపడగలిగి, సంగీతం దగ్గర మాత్రం ఏమీ అనిపించని మనుషులు కొద్దిమంది ఉంటారు. బార్సిలోనా పరిశోధకులు 2014లో ఈ సంగతి పరీక్షించి చూపించారు. అది మెదడు తీరు. వాళ్ళ గుండెని రాయి అనే హక్కు మీకెవరిచ్చారు?

ఇక నాలుగోది. దీనికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఇందులో ఒక నిజం ఉంది, దాని చుట్టూ అబద్ధం అల్లారు.

పాట మనల్ని ఎలా పట్టుకుంటుందో చూడండి. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, తమకి ఒళ్ళు జలదరించే పాటల్ని ఎవరివి వాళ్ళనే తెచ్చుకోమని చెప్పి మెదడు స్కాన్ తీశారు. పులకింత వచ్చే క్షణంలో మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. ఆ క్షణానికి కాస్త ముందు, “ఇదిగో, ఇప్పుడొస్తుంది” అని ఎదురుచూసేటప్పుడు కూడా విడుదలైంది, అదీ మెదడులో మరో చోట. చరణం ముగిసి పల్లవి ఎత్తుకోబోయే ముందు మనం ఊపిరి బిగబట్టేది అక్కడే. ఇందులో అసలు గమనించాల్సింది ఇంకొకటుంది. ఒకరి ప్రాణమైన పాటని ఇంకొకరికి మామూలు పాటగా వినిపించి పోల్చారు. వీళ్ళని కుదిపేసిన పాట వాళ్ళని కదపలేదు. ఏం రాబోతోందో తెలిసిన చెవికే ఆ ఎదురుచూపు ఉంటుంది. ముక్కూమొహం తెలియని 432 హెర్ట్జ్ రాగాలాపనలో నానమ్మ దేనికోసం ఎదురుచూడాలి?

నిజం ఏమిటంటే, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో పొద్దున తిన్న టిఫిన్ గుర్తులేని మనిషికి అరవై ఏళ్ళ కిందటి పాట వరసతో సహా రావచ్చు. 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు, బాగా ఎరిగిన పాటని గుర్తుపట్టేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు ఈ జబ్బులో మిగతావాటికన్నా తక్కువ కుంచించుకుపోయినట్టు గమనించారు. వాటిని జబ్బు ముట్టుకోదని కాదు, ఆలస్యంగా పాడవుతాయని. పైగా పాడటంలో నోటికి, ఊపిరికి, చేతులకి పట్టిన అలవాటు ఉంది. అలవాటుగా వచ్చే పని, “నిన్న ఎవరొచ్చారు” అనే జ్ఞాపకం ఒకే దారిలో నడవవు.

అందుకే పాట తిరిగొచ్చినంత మాత్రాన జ్ఞాపకశక్తి తిరిగొచ్చినట్టు కాదు. పాట అయిపోయాక కొడుకు పేరు అడిగితే మళ్ళీ తడబడతారు. 2018లో కొక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ, మతిమరుపు జబ్బుల్లో సంగీత చికిత్స మీద అప్పటిదాకా జరిగిన పరీక్షల్ని ఒకచోట చేర్చి చూసింది. ఐదు విడతలైనా సంగీత చికిత్స అందితే దిగులు, ప్రవర్తనలో ఇబ్బందులు తగ్గే అవకాశం ఉందని తేలింది. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి విషయంలో మాత్రం పెద్ద తేడా కనపడలేదు.

మాత్రల సంగతి. ఈ జబ్బుకి ఇచ్చే డోనెపెజిల్ లాంటివి జబ్బుని నయం చేయవు, అది ఒప్పుకుంటాను. కానీ జబ్బు ముదిరిన దశలో కూడా వాటిని ఆపినవాళ్ళు, కొనసాగించినవాళ్ళకన్నా వెనకబడ్డారని 2012లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో తేలింది. ఆపాలో వద్దో డాక్టర్ చూసి చెప్పాలి. గ్రూపులో పేరు లేని మెసేజ్ చెప్పకూడదు.

పాట నిజంగా పనికిరావాలంటే ఏం చేయాలో ఒక ఉదాహరణతో చెప్తాను. 1943లో పుట్టి, జనగామ దగ్గర పెరిగి, ఇప్పుడు ఉప్పల్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్న పెద్దావిడ అనుకుందాం. మనసులో గట్టిగా నాటుకునేవి ఎక్కువగా పదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు విన్న పాటలు. అంటే ఆమెకి 1953 నుంచి 1968 మధ్యవి. ఇక్కడే చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. కొడుకు కూర్చుని “అమ్మకి ఇష్టమైన పాటలు” అని 1980ల నాటి సినిమా పాటలు ఎక్కిస్తాడు. అవి ఆయన చిన్నతనపు పాటలు, ఆమెవి కావు. అడగాల్సింది ఆమె చెల్లెల్ని, తమ్ముణ్ణి, ఊళ్ళో ఉన్న ఈడువాళ్ళని. బతుకమ్మకి మీ వాడలో ఏ పాట ఎత్తుకునేవాళ్ళు, భజనలో ఏం పాడేవాళ్ళు, రేడియో ఎవరింట్లో ఉండేది అని అడగండి. ఎనిమిది, పది పాటలు దొరికితే చాలు. రీమిక్స్ వద్దు, అప్పటి గొంతే కావాలి. వాద్యం మారితే ఎదురుచూపు తప్పుతుంది.

పొద్దున టిఫిన్ అయ్యాక, టీవీ ఆపేసి, రోజుకి ఒకటో రెండో వినిపించి చూడండి. పెదవులు కదిలినా, కాలి బొటనవేలు తాళం వేసినా, ఆ పాట ఉంచండి. మొహం తిప్పుకున్నా, కొంగు నలిపేస్తున్నా, లేచి వెళ్ళబోయినా వెంటనే ఆపి, ఆ పాటని పక్కన పెట్టండి. అప్పగింతల పాటలతో మరీ జాగ్రత్త. ఆ పాట వినగానే “మా ఇంటికి పోవాలి” అని తలుపు దగ్గరికి వెళ్ళిపోవచ్చు, మీరు ఎంత చెప్పినా వినకపోవచ్చు. నాలుగు కన్నీళ్ళు వచ్చి మొహం తేలికపడితే తప్పేం లేదు. ఏడుపు ఆగకుండా భయంలోకి దిగితే అది తప్పు పాట.

హెడ్‌ఫోన్స్ కన్నా గదిలో చిన్న స్పీకరు మేలు, మూరెడు దూరంలో, మనం మాట్లాడుకునేంత గొంతుతో. చెవులు మూసేస్తే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక కొందరు బెదిరిపోతారు. వినికిడి మిషన్ ఉంటే దానిమీద హెడ్‌ఫోన్ పెట్టగానే కీచుమని కూయొచ్చు. ముందు చెవిలో గుబిలి అడ్డుగా ఉందేమో చూపించండి, “పాట పనిచేయలేదు” అన్నదానికి కారణం అదే కావచ్చు. యూట్యూబ్‌లో నేరుగా పెట్టకండి. పాట మధ్యలో సబ్బు ప్రకటన గట్టిగా అరిస్తే అప్పటిదాకా కుదుటపడిన మనిషి ఉలిక్కిపడుతుంది. ఫోన్‌లో దింపుకుని పెట్టుకోండి.

సాయంత్రం ఐదింటికి ఆమెకి గాభరా మొదలవుతుందని మీకు తెలుసా? అయితే అలా ఉంచుకున్న పాటల్ని నాలుగున్నరకే మొదలుపెట్టండి. గాభరా ముదిరాక పెడితే అదీ ఒక గోలే. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మూడు గంటలు మోగితే ఎంత ఇష్టమైన పాటైనా వంటింట్లో మిక్సీ చప్పుడుతో సమానం. మధ్యలో “ఈ పాట ఏదో చెప్పు నానమ్మా” అని పరీక్షలు పెట్టకండి. చెప్పలేకపోతే ఆ సిగ్గు పాటకి అంటుకుంటుంది, రేపు ఆ పాట మొదలవగానే మొహం వాడిపోతుంది.

ఐదో మాటని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను. “శక్తి” అన్న మాట నచ్చదు గానీ, ఆ మాట చాలావరకు నిజం. బతుకమ్మ పాటే చూడండి. ఒకరు పాదం ఎత్తుకుంటారు, వెనక అందరూ అందుకుంటారు, పాదం చివర “ఉయ్యాలో”, అడుగుకి తగ్గ చప్పట్లు. పాదం మర్చిపోయినా “ఉయ్యాలో” దగ్గర అందరితో కలవొచ్చు. మాటలు జారిపోతున్న మనిషికి ఇంతకన్నా మంచి ఊత దొరకదు. నలుగురూ ఒకే లయలో కదిలినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుందని, పక్కవాళ్ళతో దగ్గరితనం పెరుగుతుందని నాట్యం మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. హెడ్‌ఫోన్స్ మననుంచి లాక్కునేది ఈ కలయికనే: నానమ్మ ఒక్కతే వింటుంది, ఇంట్లోవాళ్ళకి ఆమె ఏం వింటోందో కూడా తెలియదు.

ఇంకొకటి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని పరీక్షిస్తే, వాళ్ళ అమ్మానాన్నల యవ్వనంలో వచ్చిన పాటలు కూడా వాళ్ళ మనసుకి దగ్గరగా ఉన్నట్టు తేలింది. అవి వాళ్ళు పుట్టకముందు పాటలు. చిన్నప్పుడు ఇంట్లో మోగుతుంటే పక్కన కూర్చుని విన్నవి. కాబట్టి నాలుగున్నరకి స్పీకరు పెట్టినప్పుడు మనవరాల్ని కూడా పిలవండి. ఆమె ఏమీ అడగక్కర్లేదు. నానమ్మ చప్పట్లు వేసే చోట తనూ వేస్తే చాలు, తప్పు పడితే నానమ్మే సరిదిద్దుతుంది.